దేవుడి కంటే ముందు ఆ మనిషి దగ్గరికి

మొన్న గాంధీ జయంతి నాడు హనుమకొండలో మా కాలనీవాళ్ళు సర్వమత ప్రార్థన పెట్టారు. ఒక పెద్దాయన గీతలోంచి శ్లోకాలు చదివారు. కాజీపేట నుంచి వచ్చిన మౌల్వీగారు ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదివి అర్థం చెప్పారు. ఫాతిమానగర్ నుంచి వచ్చిన ఒక సిస్టర్ పరలోక ప్రార్థన చెప్పించారు. ఆఖరున మాట్లాడినాయన "దారులే వేరు, ప్రార్థనలన్నీ ఒకటే" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే మా పక్కింటి తమ్ముడు అడిగాడు: "అక్కా, అందరియి అయినయి. మరి నా అసొంటోనికి ఏం లేదా?"

అతను ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. దేవుణ్ణి నమ్మడు. వాళ్ళ నాన్న కాలం నుంచే ఆ ఇంట్లో పూజగది లేదు. వెటకారానికి అడిగిన మాట కాదది. గంటసేపు ఓపిగ్గా కూర్చుని, తన వంతు రాకుండానే లేవాల్సి వచ్చిన మనిషి అడిగినట్టే అడిగాడు. "కళ్ళు మూసుకుని నాలుగు మంచి ఆలోచనలు చేసుకో" అని ఏదో ఒకటి చెప్పేయొచ్చు. నాకు అలా చెప్పబుద్ధి కాలేదు.

అసలు ఆ "అన్నీ ఒకటే" అన్న మాటతోనే నాకు పేచీ. ఫాతిహా చదివే మనిషి నిన్నే ఆరాధిస్తున్నాం, నిన్నే సాయం అడుగుతున్నాం, సరైన దారిలో నడిపించు అంటాడు. అడిగేవాడున్నాడు, వినేవాడున్నాడు. పరలోక ప్రార్థన రొట్టె అడుగుతుంది, క్షమాపణ అడుగుతుంది. గీత ఆరో అధ్యాయంలోని ధ్యానం అలా ఏమీ అడగదు. మనసు ఎటు పరుగెత్తితే అటు నుంచి వెనక్కి తెచ్చుకొమ్మంటుంది. శ్వాసను గమనిస్తూ కూర్చునే బౌద్ధ సాధకుడికైతే ఎదురుగా ఎవరూ లేరు, ఉండాలని కూడా అతను అనుకోడు. వీటన్నిటినీ ఒకటే అంటే వినడానికి బాగుంటుంది గానీ, వాటిని ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళ పట్ల అది మర్యాద కాదు. పైగా "అన్నీ దేవుడి దగ్గరికే చేరతాయి" అన్నాక, దేవుణ్ణి నమ్మనివాడికి ఆ షామియానా కింద చోటెక్కడిది?

చాలా రోజులు దీని గురించే ఆలోచించాను, చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. ప్రార్థనలన్నీ ఒకటి కావు. కానీ దాదాపు అందరి దగ్గరా ఉన్న పని ఒకటుంది. అదే, పగలు చేసింది రాత్రి ఒకసారి చూసుకోవడం. అందులో ఒకచోట నమ్మేవాడూ నమ్మనివాడూ సరిగ్గా ఒకే గడప ముందు నిలబడతారు. నా వాదన ఆ గడప గురించే.

పగటి పని, రాత్రి చూపు

మా నాన్న సాయంత్రం సంధ్య వార్చేవారు. ఇంట్లో తిరుగుతూ వింటూ పెరిగాను గనక ఆ మంత్రాలు చెవిలో ఉండిపోయాయి. ఆడపిల్లలకు నేర్పరు కాబట్టి అర్థం తెలియలేదు, ఎవరూ చెప్పలేదు. పెద్దయ్యాక నా అంతట నేను పుస్తకం తెచ్చుకుని చదివితే తెలిసింది. అరచేతిలో నీళ్ళు తీసుకుని తాగే ముందు సాయంత్రం చెప్పే మంత్రం "అగ్నిశ్చ మా మన్యుశ్చ" అని మొదలవుతుంది. మన్యువు అంటే కోపం. కోపం వల్ల చేసిన పాపాల నుంచి నన్ను కాపాడాలి అంటుంది. తర్వాత "యదహ్నా పాపమకార్షమ్, మనసా వాచా హస్తాభ్యామ్" అని వరస పెడుతుంది. పగలంతా మనసుతో, మాటతో, చేతులతో, కాళ్ళతో, పొట్టతో, మర్మాంగంతో చేసిన పాపాన్ని ఆ పగలే తుడిచేయాలి అని. పొద్దున సంధ్యలో ఇదే రాత్రి గురించి ఉంటుంది. పాపం అన్న పెద్ద ముద్ద పట్టుకుని కూర్చోకుండా, ఏ అవయవంతో చేశావో చూసుకొమ్మనడం నాకు చాలా నచ్చింది. నోటిదగ్గర ఒక్క క్షణం ఆగితే ఆ రోజు అన్న మాట ఏదో ఒకటి గుర్తుకొస్తుంది. కాకపోతే, నాలుగు నిమిషాల్లో ముగించే సంధ్యలో అక్కడ ఆగేవాళ్ళు అరుదు.

కాన్వెంట్ హాస్టల్లో చదివిన నా స్నేహితురాలు వాళ్ళ ఆత్మ పరిశోధన గురించి చెప్పింది. రాత్రి ప్రార్థనలో దీపాలు తగ్గించి కాసేపు మౌనంగా ఉండమనేవారట. దాన్ని ఒక పద్ధతిగా రాసిపెట్టినవాడు ఇగ్నేషియస్ లొయోలా. ఆయన పుస్తకాన్ని 1548లో పోపు ఆమోదించాడు. అందులో అయిదు మెట్లున్నాయి. ముందు ఆ రోజు అందిన మేలుకు కృతజ్ఞత చెప్పాలి. తర్వాత తప్పు కనపడేలా వెలుగు ఇమ్మని అడగాలి. మూడోది, లేచినప్పటి నుంచి గంట గంటా చూసుకుంటూ రావాలి. ముందు ఆలోచనలు, తర్వాత మాటలు, తర్వాత చేతలు. నాలుగోది క్షమాపణ, అయిదోది దిద్దుకుంటానన్న నిర్ణయం. మొదటి మెట్టు కృతజ్ఞత కావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. నేరుగా తప్పుల్లోకి దిగితే మనిషి అయితే తనను తాను కొట్టుకుంటాడు, లేకపోతే సమర్థించుకుంటాడు. ముందు ఎవరో మనకిచ్చినదాన్ని గుర్తు చేసుకుంటే ఆ రెండూ కొంచెం సడలుతాయి.

ముస్లింలలో దీన్ని ముహాసబా అంటారు, అంటే లెక్క చూసుకోవడం. 9వ శతాబ్దంలో బాగ్దాదులో బతికిన హారిస్ అల్ ముహాసిబీకి ఆ పేరే దీని వల్ల వచ్చింది. 1111లో చనిపోయిన గజాలీ దాన్ని వ్యాపారంతో పోల్చి చెప్తాడు. నీ నఫ్స్, అంటే నీ లోపలి మనసు, నీ వ్యాపారంలో భాగస్తుడనుకో. పొద్దున షరతులు చెప్పు, పగలంతా కనిపెట్టుకుని ఉండు, సాయంత్రం లెక్క అడుగు. విధిగా చేయాల్సినవి అసలు, అదనంగా చేసినవి లాభం, పాపాలు నష్టం. ఎనుమాముల మార్కెట్లో పత్తి కొని సాయంత్రం పద్దు తేల్చుకునే ఎవరికైనా దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

బతుకమ్మకు పద్మాక్షి గుట్టకు వెళ్ళేవాళ్ళకు అక్కడ రాతి మీద చెక్కిన తీర్థంకరులు తెలుసు. ఆ జైనుల్లో నియమంగా ఉండేవాళ్ళు పొద్దునా సాయంత్రం రెండుపూటలా ప్రతిక్రమణ చేస్తారు. తెలిసీ తెలియక ఏయే జీవికి ఏ హాని చేశామో తలుచుకుని "మిచ్ఛామి దుక్కడం" అంటారు. ఆ చెడు వ్యర్థమైపోవాలి అని. ఇక బుద్ధుడు కొడుకు రాహులుడికి చెప్పిన బోధ ఉంది. అశోకుడు తన శాసనంలో పేరు చెప్పి మరీ చదవమన్న బోధల్లో అదొకటి. ఏ పనైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక మూడుసార్లు చూసుకో, అది నీకుగానీ ఇంకొకరికిగానీ హాని చేసిందా అని. చేసిందనుకుంటే దాన్ని గురువుకో తెలివైన తోటివాడికో చెప్పు, ఇకముందు చేయకుండా ఉండు. మంచి పనైతే సంతోషంగా ఉండు. ఇందులో ఎక్కడా దేవుడు రాడు. నమ్మనివాళ్ళకు ఇలాంటి సంప్రదాయమే లేదనుకునేవాళ్ళకు ఈ ఒక్కటి చాలు.

దీనికి దగ్గరగానే రోమ్‌లో 1వ శతాబ్దంలో సెనెకా అనే తత్వవేత్త ఉన్నాడు. ఆయన్ను నాస్తికుడనలేం. కానీ ఆయన రాత్రి పెట్టుకునే విచారణలో న్యాయమూర్తీ ముద్దాయీ ఆయనే. ఆ సంగతి రాసింది కూడా కోపం గురించి రాసిన పుస్తకంలోనే. మన సంధ్యా మంత్రం, ఆ రోమన్ పుస్తకం రెండూ కోపం దగ్గరే మొదలుపెట్టడం చూసి నేను చాలాసేపు అలా ఉండిపోయాను. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, రోజంతా తిరగేస్తానంటాడు సెనెకా. ఉదాహరణ కూడా ఇస్తాడు. ఫలానా వాడిని నువ్వు మందలించాల్సిన దానికంటే ఎక్కువగా మందలించావు, దాంతో వాడు బాగుపడలేదు సరికదా నొచ్చుకున్నాడు. ఇకముందు అలా చేయకు, ఈసారికి నిన్ను క్షమిస్తున్నాను, అని తనకు తాను చెప్పుకుంటాడు.

మూడో పీరియడ్

తమ్ముడికి నేను చెప్పింది సెనెకా గురించే. నచ్చింది. కొన్నాళ్ళు చేసి చూస్తానన్నాడు. ఇక్కడ రాసేది అతను ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదట్లో అతను వచ్చి చెప్పేవి ఇలా ఉండేవి: "నాకు కోపం ఎక్కువక్కా. తగ్గించుకోవాలె." ఏ రోజు, ఎవరి మీద అంటే, "ఎప్పుడైనా అంతే" అనేవాడు. ఈ పని ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. చేసిన పనిని చూడమంటే మనం మన స్వభావం మీద తీర్పు చెప్పేసుకుంటాం. ఆ తీర్పు ఎంత కఠినంగా ఉన్నా మర్నాడు దాంతో చేయగలిగింది ఏమీ ఉండదు. పశ్చాత్తాపపడ్డామన్న తృప్తి మాత్రం మిగులుతుంది. ఇగ్నేషియస్ గంట గంటా చూడమన్నదీ, సంధ్యా మంత్రం అవయవాలను ఒక్కొక్కటిగా అడిగేదీ ఇందుకే.

ఒకరోజు రాత్రి రోజును చోట్ల వారీగా చూసుకొమ్మన్నాను. ఇల్లు, బండి, స్టాఫ్ రూమ్, క్లాసు. స్టాఫ్ రూమ్ దగ్గర ఆగాడు. ఆ పొద్దున పైవాళ్ళు అందరి ముందూ అతని సెక్షన్ మార్కులు చదివి, "ఇట్లయితే ఎట్ల సార్" అన్నారట. అక్కణ్ణుంచి క్లాసుకు వెళ్ళాడు. మూడో పీరియడ్‌లో పరకాల వైపు నుంచి వచ్చే ఒక పిల్లాడు ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముడు అన్నది ఒక్క వాక్యం: "మీ ఊళ్ళె ఇంకా పొద్దు పొడువలేదారా?" క్లాసంతా నవ్వింది. పిల్లాడు ఆఖరు బెంచీకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ గంటంతా నోటుబుక్కు తెరవలేదు.

"కోపమొచ్చి అన్నవా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "కోపం కాదక్కా. పిల్లలు నవ్వాలని అన్న" అన్నాడు.

కోపం తగ్గించుకోవాలని ఎన్నాళ్ళు తీర్మానం చేసుకున్నా ఆ వాక్యం అతనికి అంటేది కాదు. ఎందుకంటే అక్కడ జరిగింది వేరే. పొద్దున తను నలుగురిలో చిన్నబోయాడు. అది పూడ్చుకోవడానికి అంతకంటే చిన్నవాడు ఒకడు దొరికాడు. అన్న మాటను ఉన్నదున్నట్టు గుర్తు చేసుకుంటే తప్ప ఇది బయటపడదు. "గట్టిగా మాట్లాడాను" అని సారాంశం రాసుకుంటే తప్పు అందులోనే దాక్కుంటుంది.

గడప

ఇంతవరకు వచ్చాక నమ్మేవాళ్ళకు ఒక సౌకర్యం ఉందని అనుకుంటాం. తప్పు దేవుడికి చెప్పుకుంటారు, బరువు దిగుతుంది. నమ్మనివాడికి ఆ అవకాశం లేదు. తమ్ముడూ అదే అన్నాడు: "మీకైతే చెప్పుకోనీకె ఒకరున్నరు."

కానీ ఈ మతాల పుస్తకాలు అక్కడ అంత తేలిగ్గా వదలవు. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో యేసు చెప్పే మాట చూడండి. బలిపీఠం దగ్గర కానుక ఇస్తుండగా నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి కానుక ఇయ్యి. పూజ మధ్యలోంచి లేచి వెళ్ళమంటున్నాడు. యూదుల ధర్మ గ్రంథం మిష్నాలో ప్రాయశ్చిత్త దినం గురించి ఇంకా నిక్కచ్చిగా ఉంది. మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న తప్పులను ఆ రోజు తీరుస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య ఉన్నవి మాత్రం ఆ తోటిమనిషిని శాంతపరిచేదాకా తీరవు. ముస్లింలు దీన్ని హుఖూఖుల్ ఇబాద్ అంటారు, తోటిమనుషుల హక్కులు. ప్రవక్త మాటల సంకలనం సహీ ముస్లింలో ఒక హదీసు ఉంది. నమాజు, ఉపవాసం, జకాత్ అన్నీ తెచ్చుకుని తీర్పు రోజున వచ్చినవాడు, ఒకడిని తిట్టి, ఒకడి సొమ్ము తిని, ఒకడిని కొట్టి ఉంటే, అతని పుణ్యాలు వాళ్ళకు పంచేస్తారు. పుణ్యాలు అయిపోతే వాళ్ళ పాపాలు ఇతని మీద వేస్తారు. దివాలా తీసినవాడంటే వాడే అంటారు ప్రవక్త. జైనులు ఏడాదికోసారి వచ్చే సంవత్సరీ రోజున ఎవరి దగ్గరికి వాళ్ళు వెళ్ళి, దూరంగా ఉంటే ఫోన్ చేసి, క్షమించమని అడుగుతారు.

మా నాన్న చెప్పిన మంత్రంలో ఇది లేదు. దేనితో చేశావు అని అడుగుతుంది, ఎవరికి చేశావు అని అడగదు. మన సంప్రదాయం మొత్తం అంతేనని నేననను. ప్రాయశ్చిత్తం గురించి చెప్పినచోట చేసిన తప్పు నలుగురికి చెప్పుకోవాలన్న మాట మనుస్మృతిలోనే ఉంది. అయినా రోజూ చేసే సంధ్యలోకి ఎదుటి మనిషి రాకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

కాబట్టి తమ్ముడికి నేను చెప్పిన జవాబు ఇది. నువ్వు అవమానించిన పిల్లాడి దగ్గరికి నా దేవుడూ నన్ను ముందు పొమ్మనేవాడే. మౌల్వీగారినైనా, సిస్టర్‌నైనా ముందు అక్కడికే పొమ్మంటారు. ఆ క్లాసు గుమ్మం వరకు మనందరిదీ ఒకటే నడక. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చాక మాత్రం తేడా ఉంది. సిస్టర్ గుడికి వెళ్తుంది, నువ్వు ఇంటికి వస్తావు. ఆ తేడాను చెరిపేయక్కర్లేదు.

అతను వెళ్ళాడు. పిల్లాణ్ణి పక్కకు పిలిచి చెప్దామా అనుకున్నాడు. అన్నది అందరి ముందు గనక అందరి ముందే చెప్పాలని నేనన్నాను. ఇది అన్నిసార్లూ సరికాదు. చాటుగా అన్న మాటను పనిగట్టుకుని వెళ్ళి చెప్తే ఎదుటివాళ్ళకు తెలియని గాయం కొత్తగా చేసినట్టవుతుంది. ఇస్లామిక్ పండితులు కూడా చాడీల విషయంలో ఈ చర్చ చేశారు. కానీ ఇక్కడ అవమానం బహిరంగం. క్లాసు మొదలుపెట్టే ముందు "మొన్న నేనన్న మాట తప్పు. అట్ల అనకపోవాల్సింది" అని, ఆ పిల్లాడి పేరు పెట్టి చెప్పి, పాఠంలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు టెన్షన్ ఉండె, అని కలపలేదు. కలిపి ఉంటే క్షమాపణ కాస్తా సంజాయిషీ అయ్యేది. పిల్లాడు తల వంచుకుని "ఏం లేద్ సార్" అన్నాడట. తర్వాత కనుక్కుంటే ఆ ఊరి బస్సు వచ్చే టైమే అది. ఇప్పటికీ లేటుగానే వస్తాడు, వచ్చి కూర్చుంటాడు.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఈ పద్ధతిని అందరికీ మందులా చెప్పడానికి నాకు భయం ఉంది. ఇగ్నేషియస్‌నే చూడండి. 1522లో మన్రేసా ఊళ్ళో ఉన్నప్పుడు పాత పాపాలు సరిగ్గా చెప్పుకోలేదేమోనన్న అనుమానం ఆయన్ను పీడించింది. మళ్ళీ మళ్ళీ గురువు దగ్గర పాపాలు చెప్పుకున్నా తీరలేదు. బాగా స్పష్టంగా ఉన్నవే చెప్పమని గురువు అంటే, ఆయనకు అన్నీ స్పష్టంగానే కనిపించాయి. గదిలో ఉన్న పెద్ద కంతలోంచి దూకేద్దామన్నంత వరకు వెళ్ళాడు. ఆఖరికి పాతవాటిని ఇక తిరగతోడనని నిర్ణయించుకున్నాకే బయటపడ్డాడు. ఆత్మ పరిశోధనకు పద్ధతి రాసినవాడే దాని అడుగు చూసి వచ్చాడు.

చెడిపోతోందని ఎలా తెలుస్తుంది? ఒకే తప్పు రోజూ వస్తూ, దాని గురించి మర్నాడు ఏ పనీ జరగకపోతే ఒక గుర్తు. చూసుకున్నాక నిద్ర దూరమవుతుంటే ఇంకో గుర్తు. అప్పుడు దాన్ని కొన్నాళ్ళు మానేసి, కృతజ్ఞత వరకే ఉంచుకోవాలి. మనసు మరీ కుంగిపోతుంటే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మూడో గుర్తు దీనికి తలకిందులు. కూర్చున్న ప్రతిసారీ ఎదుటివాళ్ళ తప్పులే తేలుతుంటే అక్కడ జరుగుతున్నది పరిశీలన కాదు, వకాల్తా.

ఇంతకంటే పెద్ద అనుమానం ఒకటి మా స్నేహితురాలు లేవనెత్తింది. మొగుడి చేత దెబ్బలు తినే ఆడమనిషిని రాత్రి కూర్చుని "ఇవాళ నా తప్పేంటి" అని చూసుకొమ్మంటావా అని. ఆమె ఇప్పటికే అదొక్కటే చేస్తూ ఉంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైందనీ, ఎదురు మాట్లాడాననీ. దీనికి నా దగ్గరున్న జవాబు గట్టిది. నీకు జరిగింది నీ ఖాతా కాదు. ఈ పద్ధతి మన చేతిలో కొద్దో గొప్పో అధికారం ఉన్నచోట్ల కోసం. పిల్లల మీద, కింద పనిచేసేవాళ్ళ మీద, ఆటో డ్రైవర్ మీద, ముసలి అమ్మానాన్నల మీద మనకున్న అధికారం. మన మీద ఎవరికో ఉన్న అధికారాన్ని సహించడానికి దీన్ని వాడితే అది దుర్వినియోగమే. అలాంటి మనిషికి రాత్రి పరిశీలన కంటే ముందు కావాల్సింది తోడు నిలబడే మనుషులు.

ఇక నమ్మేవాళ్ళ నుంచి వచ్చే మాట: దేవుణ్ణి తీసేస్తే ఇందులో మిగిలేది సగమే. నిజమే. మా స్నేహితురాలికి క్షమాపణ అంటే తను తెచ్చుకునేది కాదు, అందేది. సెనెకాలా "నిన్ను క్షమిస్తున్నాను" అని తనకు తాను చెప్పుకోవడం ఆమెకు అర్థంలేని పని. చనిపోయినవాళ్ళ విషయంలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తండ్రితో అనరాని మాట అని, ఆయన పోయాక తలుచుకునే కొడుకుకు తర్పణం ఉంది, దువా ఉంది, నవంబరు 2న సమాధుల దగ్గర పెట్టే కొవ్వొత్తి ఉంది. నమ్మనివాడు వెళ్ళి నిలబడటానికి గడపే లేదు. ఇంకో ముసలాయనకు సాయం చేయొచ్చు, మంచిదే, కానీ అది ఆ తండ్రికి చేరదని అతనికి తెలుసు. దీనికి సర్దుబాటు మాట చెప్పి ఊరడించలేను.

చేసి చూడాలనుకునేవాళ్ళకు

ఎనిమిది, తొమ్మిది నిమిషాలు చాలు. మంచం మీద వద్దు, నిద్రపోతారు. కుర్చీలోనో చాప మీదో కూర్చోండి, ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. కళ్ళు మూసుకోవడం మీ ఇష్టం.

ముందు ఇవాళ మీకు అందినది ఒకటి గుర్తు చేసుకోండి, ఎవరి చేతి నుంచి అందిందో ఆ మనిషితో సహా. నమ్మేవాళ్ళు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవచ్చు. నమ్మనివాళ్ళకు ఆ మనిషి చాలు. "ఆరోగ్యం బాగుంది" లాంటివి వద్దు. బస్టాండులో చిల్లర లేదంటే ఫర్వాలేదన్న చాయ్ కొట్టాయన లాంటిది కావాలి.

తర్వాత లేచినప్పటి నుంచి రోజును చోట్ల వారీగా దాటుకుంటూ రండి. ఇల్లు, దారి, పనిచోటు, అంగడి, మళ్ళీ ఇల్లు. ఎక్కడా ఆగొద్దు, రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఒకచోట మనసు తొందరగా దాటేయాలని చూస్తుంది, లేదా మీకు మీరే వాదన మొదలుపెడతారు. ఆ చోటికే వెనక్కి వెళ్ళండి. ఆ రోజుకు అదొక్కటే.

అక్కడ మీరన్న మాట అక్షరాలా గుర్తు చేసుకోండి. "ఎందుకంటే" అన్న మాట వచ్చిందంటే ఆపి, మళ్ళీ వాక్యం దగ్గరికి రండి. ఇప్పుడు ఎదుటి మనిషి నిలబడ్డ చోట నిలబడి అదే వాక్యం వినండి. ఆమె ఏం చూసింది, చుట్టూ ఎవరున్నారు, తర్వాత ఆమె ఏం చేసింది.

ఆ మనిషి దగ్గరికి తీసుకెళ్ళాల్సింది ఏమైనా ఉందా చూడండి. ఉంటే ఒక్క వాక్యం తయారు చేసుకుని, రేపు ఎప్పుడు చెప్తారో అనుకోండి. మాటతో తీరేది కాకుండా ఇవ్వాల్సిన డబ్బో, ఆపిన పనో అయితే అది. తప్పేమీ కనపడని రోజులుంటాయి. అప్పుడు రాహులుడికి చెప్పినట్టు సంతోషంగా లేవండి, వెతికి తేవొద్దు.

ఆఖరి నిమిషం ఎవరిది వాళ్ళది. ప్రార్థించేవాళ్ళు వాళ్ళ ప్రార్థన చేసుకోండి. తౌబా చేసేవాళ్ళు తౌబా చేసి అల్లాను క్షమాపణ అడగండి. నమ్మనివాళ్ళు సెనెకా మాట అనుకోవచ్చు, లేదా ఊరికే లేచి లైటు తీసేయొచ్చు. సర్వమత సభల్లో రెండు నిమిషాల మౌనం పాటించేటప్పుడు కూడా మొదటి రెండు మెట్లూ సరిపోతాయి. చెప్పేవాళ్ళు ముందే చెప్తే చాలు. ఎవరినీ బయటికి చెప్పమని అడగొద్దు, ముఖ్యంగా పిల్లల్ని.

మొదలుపెట్టిన వారంలో పాత గొడవలు తవ్వకండి. అన్నదమ్ముల పొలం తగాదాలు, ఏళ్ళ కింద మాటలు పోయిన బంధువులు, అవి అలా ఉండనివ్వండి. ఇవాళ పొద్దున్నుంచి ఇప్పటివరకు జరిగిందే చూడండి. రేపు మళ్ళీ కలవబోయే మనిషితోనే మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడైతే వెళ్ళి చెప్పడానికి దారి ఇంకా తెరిచే ఉంటుంది.